ఏ కుర్తీ, ఏ కారణం, ఎన్నో రోజు

మంగళగిరి దగ్గర ఇంట్లోనే కుట్టు మిషన్లు పెట్టుకుని, కాటన్ కుర్తీలు కుట్టించి ఆన్‌లైన్‌లో అమ్ముకునే ఒకావిడ ఉన్నారనుకుందాం. జులై, ఆగస్టు నెలల్లో మూడు డిజైన్లు అమ్మారు. సాదా కుర్తీలు 240 డెలివరీ అయితే 24 తిరిగొచ్చాయి. నీలిరంగు కుర్తీలు 80 వెళ్తే 20 వచ్చాయి. కొత్తగా మొదలుపెట్టిన కుర్తీ-పలాజో సెట్లు 9 వెళ్తే 3 వచ్చాయి. ఈ అంకెలు విషయం చెప్పడానికి నేను వేసుకున్నవే. అయితే చిన్న అమ్మకందారుల లెక్కల్లో కనిపించే చిక్కులన్నీ వీటిలో ఉన్నాయి.

ఏ డిజైన్‌తో ఇబ్బంది వస్తోంది? గుమ్మంలో పడే పార్శిళ్లను చూస్తే సాదా కుర్తీయే దోషి. అన్నిటికంటే ఎక్కువ, 24 వచ్చాయి కదా. వెళ్లినవాటిలో ఎన్ని వచ్చాయని చూస్తే మాత్రం దాని వంతు 10 శాతమే. అలా శాతాల్లో చూస్తే సెట్లే ముందుంటాయి, 33 శాతం. కానీ వెళ్లిన సెట్లు తొమ్మిదే. ఇంకొక్కరు తిప్పి పంపితే 44 శాతం, ఒకరు తగ్గితే 22. ఒక్క మనిషి నిర్ణయంతో ఇంతలా ఊగే అంకెను నమ్మి డిజైన్ ఆపేయడం తొందరపాటే. సెట్ల విషయంలో ఇప్పటికి చేయదగ్గది, వెనక్కొచ్చిన ఆ మూడింటినీ విప్పి ఒక్కొక్కటిగా చూడటం. కనీసం ముప్పై నలభై వెళ్లాక శాతం గురించి ఆలోచించవచ్చు. ఇక మిగిలింది నీలి కుర్తీ. 80లో 20, అంటే 25 శాతం. పట్టించుకోవాల్సింది దీన్నే.

ఈ తేడా జేబుకు ఎలా తగులుతుందో కూడా చూడాలి. ఒక కుర్తీ నిలిస్తే 120 రూపాయలు మిగులుతుందనీ, తిరిగొస్తే రానుపోను కొరియర్, ప్యాకింగ్, మళ్లీ ఇస్త్రీ అన్నీ కలిపి 150 పోతుందనీ అనుకుందాం. సాదా కుర్తీలు పది పంపితే తొమ్మిది నిలుస్తాయి, ఒకటి వస్తుంది. 1,080లోంచి 150 పోగా 930 మిగులుతుంది, కుర్తీకి 93 చొప్పున. నీలివి నాలుగు పంపితే మూడు నిలుస్తాయి, ఒకటి వస్తుంది. 360లోంచి 150 పోతే 210, కుర్తీకి యాభై పైచిలుకే. ధర ఒకటే, కుట్టుకూలి ఒకటే, మిగులు మాత్రం దాదాపు సగానికి పడిపోయింది.

ఇంతకీ ఆ 80, 20 అనే లెక్కలు సరైనవేనా అన్నది ముందుగా తేల్చుకోవాలి. తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే.

వెనక్కొచ్చే పార్శిళ్లు రెండు రకాలు. కొన్నిటిని కొన్నవాళ్లు అసలు విప్పనే విప్పరు. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి, కొరియర్ అబ్బాయి వచ్చేసరికి వద్దంటారు, లేదా ఫోన్ ఎత్తరు, లేదా అడ్రసు దొరకదు. అమ్మకందారులు వీటిని ఆర్టీవో అంటారు. రెండో రకం, డెలివరీ తీసుకుని, విప్పి చూసి, తర్వాత తిప్పి పంపేవి. మొదటి రకం రిటర్న్ మీ బట్ట గురించీ కుట్టు గురించీ ఏమీ చెప్పదు, ఎందుకంటే ఆ కుర్తీని ఎవరూ చూడలేదు. రెండూ ఒకే గంపలో వేస్తే, క్యాష్ ఆన్ డెలివరీ ఎక్కువగా వచ్చే డిజైన్ నాసిరకంగా కనబడుతుంది. అందుకే ఆర్టీవోలను వేరే లెక్కలో రాసుకోవాలి. పైన చెప్పిన 80, చేతికందిన కుర్తీలు మాత్రమే.

రెండో తప్పు నెలవారీ లెక్క. ఈ నెల వచ్చిన రిటర్న్‌లను ఈ నెల అమ్మకాలతో భాగించడం. దసరాకి ఇది బాగా మోసం చేస్తుంది. పండగ ముందు సెప్టెంబరులో 300 డెలివరీ అయ్యాయనుకోండి. అందులో చాలా భాగం నెలాఖరు వారంలోనే. ఆ నెలలో 15 రిటర్న్‌లు వచ్చాయి. ఐదు శాతమే కదా అని సంతోషపడతాం. అక్టోబరులో 100 డెలివరీ, 25 రిటర్న్‌లు. ఒక్కసారిగా పాతిక శాతం! సరుకు పాడైందనీ టైలర్ మారాడనీ కంగారు మొదలవుతుంది. తీరా చూస్తే ఆ 25లో 15 సెప్టెంబరు సరుకువే. సెప్టెంబరువి మొత్తం 30 వచ్చాయి, అంటే 300లో పదో వంతు. అక్టోబరువి 10, అదీ 100లో పదో వంతే. మారింది ఏమీ లేదు. కాబట్టి రిటర్న్ ఏ నెలలో వచ్చినా, దాన్ని ఆ కుర్తీ డెలివరీ అయిన నెల ఖాతాలోనే వేయాలి. రిటర్న్ గడువు ముగియని ఆర్డర్లను అసలు లెక్కలోకే తీసుకోకూడదు. ఏడు రోజుల గడువు ఉంటే, నిన్న మొన్న డెలివరీ అయినవి ఇంకా మీ దగ్గర నిలిచినట్టు కాదు.

మూడోది రోజుల లెక్క. కొన్న రోజు నుంచి లెక్కపెడితే గుంటూరు ఆర్డరుకు రెండు రోజులు, గువాహటి ఆర్డరుకు ఎనిమిది రోజులు ప్రయాణంలోనే పోతాయి. కొన్నవాళ్లు కుర్తీని చూసింది ఎప్పుడు, వద్దనుకున్నది ఎప్పుడు అన్నదే మనకు కావాలి. కనుక డెలివరీ తేదీ నుంచి రిటర్న్ అడిగిన తేదీ వరకే లెక్కపెట్టాలి. పార్శిల్ తిరిగి మన ఇంటికి చేరిన తేదీ కూడా పనికిరాదు, అందులో కొరియర్ ఆలస్యం కలిసిపోతుంది.

దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. అమ్మే సైటు ఇచ్చే ఆర్డర్ల ఫైలును, రిటర్న్‌ల ఫైలును దింపుకుని, ఆర్డర్ నంబరు ఆధారంగా ఒకే షీటులో కలుపుకుంటే చాలు. ఒక్కో కుర్తీకి ఒక్కో వరస. A గడిలో ఆర్డర్ నంబరు, B లో డిజైన్ కోడ్, C లో సైజు, D లో బట్ట తాను నంబరు, E లో డెలివరీ తేదీ, F లో రిటర్న్ అడిగిన తేదీ, G లో కొన్నవాళ్లు చెప్పిన కారణం, H లో మనం విప్పి చూసి తెలుసుకున్నది, I లో రోజులు. తిరిగి రానివాటికి F, G, H ఖాళీగానే ఉంటాయి. I గడిలో ఈ సూత్రం రాసి కిందికి లాగాలి.

```
=IF(F2="","",INT(F2)-INT(E2))
```

ఫైల్లో తేదీతో పాటు గంటలు, నిమిషాలు కూడా ఉంటే INT వాటిని తీసేస్తుంది. రోజుల గడిలో మైనస్ అంకె వచ్చినా, #VALUE! అని వచ్చినా తేదీలు తేడా కొట్టాయని అర్థం. కొన్ని ఫైళ్లలో 03-07 అంటే జులై 3, మరికొన్నిట్లో మార్చి 7. ఇంకొన్నిసార్లు తేదీ అక్షరాల్లా వచ్చి కూర్చుంటుంది. ముందు ఇది సరిచేసుకోవాలి, లేకపోతే ఆ తర్వాత చూసేదంతా తప్పే. నీలి కుర్తీల్లో నాలుగో రోజు నుంచి ఏడో రోజు మధ్య ఎన్ని వచ్చాయో చూడటానికి ఇంకో సూత్రం.

```
=COUNTIFS(B:B,"NEELI",I:I,">=4",I:I,"<=7")
```

ఇక కారణాల దగ్గరకు వద్దాం. నీలి కుర్తీల 20 రిటర్న్‌లలో ‘సైజు సరిపోలేదు’ అన్నవారు 9 మంది, ‘నాణ్యత బాగోలేదు’ అన్నవారు ఏడుగురు, ‘ఫొటోలో ఉన్నట్టు లేదు’ అన్నవారు నలుగురు. ఇక్కడితో ఆగిపోతే సైజులు సరిచేయాలనే అనిపిస్తుంది. చాలామంది ఆగేది కూడా ఇక్కడే. సైజు పట్టిక మారుస్తారు, రెండు నెలలు గడుస్తాయి, రిటర్న్‌లు మాత్రం తగ్గవు.

ఎందుకంటే కారణం అనేది కొన్నవాళ్లు సైటు ఇచ్చిన పట్టీలోంచి ఎంచుకున్న ఒక మాట. ఫోనులో నాలుగైదు కారణాలు కనిపిస్తాయి, వాళ్ల కష్టం వాటిలో ఉండకపోవచ్చు. దగ్గరగా ఉన్నదాన్ని నొక్కుతారు. ‘మనసు మారింది’ అంటే డబ్బు వెనక్కి ఇవ్వరేమోనన్న భయంతో ‘నాణ్యత’ నొక్కేవాళ్లు ఉంటారు. అన్నిటికంటే పైన ఉన్నదాన్ని నొక్కేసే వాళ్లూ ఉంటారు. వాళ్లు అబద్ధమాడుతున్నారని నేను అనను. ఉన్న గళ్లలోనే తమ సంగతి ఇమడ్చాల్సి వచ్చింది, అంతే. రోజుల లెక్కను మాత్రం ఎవరూ ఎంచుకోరు. అది తేదీల్లోంచి దానంతట అదే వస్తుంది. అందుకే కారణం చెప్పిన మాటను రోజులతో సరిచూసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

కొత్త కుర్తీ ఇంటికొచ్చాక ఏం జరుగుతుందో ఒకసారి తలచుకోండి. పార్శిల్ విప్పిన రోజే రంగు కనిపిస్తుంది. చిరుగు, మరక, వేరే డిజైన్ రావడం కూడా అప్పుడే తెలుస్తాయి. ఆ రోజో మర్నాడో, పని తెమలకపోతే రెండు మూడు రోజుల్లోనో తొడిగి చూస్తారు. బిగుతో వదులో అప్పుడు తెలిసిపోతుంది. ఆ తర్వాత ఎక్కడికైనా కట్టుకెళ్తారు, ఉతుకుతారు. రంగు దిగిందా, బట్ట కుదించుకుపోయిందా అన్నది తెలిసేది అప్పుడే, అంటే నాలుగో రోజు దాటాక. ప్రతి లోపానికీ బయటపడే సమయం ఒకటుంది.

ఇప్పుడు సాదా కుర్తీని, నీలి కుర్తీని పక్కపక్కన పెట్టి చూద్దాం. సాదా కుర్తీల 24 రిటర్న్‌లలో 15 సైజు కారణంతోనే వచ్చాయి. ఆ 15లో 14 మూడో రోజు లోపే అడిగినవి. తొడిగి చూశారు, సరిపోలేదు, తిప్పి పంపారు. కారణం, రోజు రెండూ ఒకటే మాట చెబుతున్నాయి. ఇక బిగుతా, వదులా అన్నది తేల్చాలి. ‘సైజు సరిపోలేదు’ అన్న మాటలో అది ఉండదు. డబ్బు బదులు మార్పిడి అడిగినవాళ్లు ఏ సైజు అడిగారో చూస్తే తెలుస్తుంది. ఇక్కడ దాదాపు అందరూ ఒక సైజు పెద్దది అడిగారు. ఎం, ఎల్, ఎక్సెల్ అన్నిట్లోనూ ఇదే వరస. ఒక్క సైజులోనే ఇలా ఉంటే కత్తిరింపులో తేడా అనుకోవాలి. అన్ని సైజుల్లోనూ ఉంటే పట్టికనే అనుమానించాలి. చూస్తే పట్టికలో ‘ఛాతీ 40’ అని ఉంది. అది కుర్తీ కొలత. కొన్నావిడ దాన్ని తన ఒంటి కొలత అనుకుంది. 40 అంగుళాల ఒంటికి 40 అంగుళాల కుర్తీ ఊపిరాడనివ్వదు. పట్టికలో ‘ఇది కుర్తీ కొలత, మీ ఛాతీ కొలత కంటే రెండు మూడు అంగుళాలు ఎక్కువ ఉన్నది ఎంచుకోండి’ అని ఒక్క వాక్యం చేరిస్తే సరిపోయే పని ఇది. బట్ట జోలికి, టైలర్ జోలికి పోనక్కర్లేదు.

నీలి కుర్తీలో ఇదే ‘సైజు’ కారణం వేరే కథ చెబుతోంది. సైజు అన్న తొమ్మిదిలో మూడో రోజు లోపు అడిగినవి మూడే. ఆరు నాలుగో రోజు తర్వాతివి. తొడిగి చూడగానే తెలియాల్సిన సంగతి ఐదారు రోజులకు ఎందుకు తెలిసింది? ‘నాణ్యత’ అన్న ఏడులో కూడా ఐదు ఆలస్యంగానే వచ్చాయి. ‘ఫొటోలో ఉన్నట్టు లేదు’ అన్న నాలుగు మాత్రం మొదటి మూడు రోజుల్లోనే వచ్చేశాయి, అవి రావాల్సిన వేళలోనే. అంటే 20లో 11 నాలుగో రోజు నుంచి ఏడో రోజు మధ్య వచ్చాయి. కొందరు సైజు అన్నారు, కొందరు నాణ్యత అన్నారు. రెండు పేర్లతో వచ్చినా వెనక ఉన్న జబ్బు ఒకటేనని అనుమానించడానికి ఇది చాలు.

అనుమానం తీరాలంటే కుర్తీ విప్పి చూడాల్సిందే. తిరిగొచ్చిన పార్శిల్‌ను మూలన పడేసి తీరిక దొరికినప్పుడు చూద్దామనుకుంటే ఆధారం పోతుంది. వచ్చిన రోజే ట్యాగ్ ఉందా, సబ్బు వాసన వస్తోందా, చంకల దగ్గర చెమట గుర్తుందా, మడతలు మనం పెట్టినవేనా అని చూసి, టేపుతో పొడవు, ఛాతీ కొలిచి H గడిలో రాయాలి. ఈ 11లో ఎనిమిది ఉతికినవి. 44 అంగుళాల పొడవు ఉండాల్సిన కుర్తీ 42న్నరే ఉంది. ఛాతీ కూడా అంగుళం పైగా తగ్గింది. రెండు మాత్రం ఏదో వేడుకకు కట్టుకుని పంపినట్టున్నాయి, సెంటు వాసన వస్తోంది, కొలతలు సరిగ్గానే ఉన్నాయి. ఒకదానిలో ఏ తేడా కనబడలేదు.

ఉతికిన కుర్తీ వెనక్కొస్తే అమ్మేవాళ్లకు మండుతుంది. వాడుకుని పంపారన్న కోపం. ఆ వేడుక కుర్తీల విషయంలో ఆ కోపానికి అర్థముంది. కానీ ఒక్క ఉతుకుకే బిగుసుకుపోయిన కుర్తీ విషయంలో తప్పు కొన్నావిడది కాదు. ఉతికితే తప్ప ఆ లోపం ఆవిడకు తెలిసే దారే లేదు. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఇ-కామర్స్) నిబంధనలు కూడా లోపమున్న సరుకునూ, ప్రకటించిన లక్షణాలు లేని సరుకునూ తిరిగి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదంటున్నాయి. ఉతికారా లేదా అనే ఒక్క గీతతో ఈ రెండు రకాలనూ విడదీయలేం. విడదీసేది టేపు.

తాను నంబరు రాసుకున్నందుకు ఇప్పుడు ఫలితం దక్కుతుంది. నీలి కుర్తీలు రెండు తానుల్లోంచి కత్తిరించారు. మొదటి తాను కుర్తీలు 38 వెళ్తే 4 వచ్చాయి. రెండో తానువి 42 వెళ్తే 16 వచ్చాయి. నాలుగో రోజు తర్వాత వచ్చిన 11లో పది రెండో తానువే. కుదించుకుపోయిన ఎనిమిదీ అందులోవే. డిజైన్‌లో లోపం లేదు, సైజు పట్టికలో లేదు, రంగులోనూ లేదు. ఒక్క తానులో ఉంది.

“మాస్టారూ, రెండో తాను తడిపే కత్తిరించారా?” అని అడిగితే కటింగ్ మాస్టారు దాచలేదు. “లేదమ్మా. శ్రావణమాసం ఆర్డర్లు నెత్తిన ఉన్నాయి. తడిపితే ఆరడానికి ఎండ కూడా లేదు.”

కాటన్ బట్ట నేతలోనూ, ఆ తర్వాత గంజి పెట్టి సాగదీసేటప్పుడూ బిగువుగా ఉంటుంది. మొదటిసారి నీళ్లు తగలగానే దారాలు ఆ బిగువు వదిలేసి దగ్గరికొస్తాయి. అందుకే తానును రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేసి, అప్పుడు కత్తిరిస్తారు. కుదించుకుపోవడమేదో కత్తెర పడకముందే జరిగిపోతుంది. కొత్త తాను ఎంత కుదించుకుంటుందో ముందే తెలుసుకోవచ్చు. బట్ట మీద 50 సెంటీమీటర్ల చదరం గీసి, ఉతికి, ఆరేసి, మళ్లీ కొలవాలి. 48న్నర వస్తే 3 శాతం కుదించుకున్నట్టు. 40 అంగుళాల ఛాతీ మీద అది అంగుళం పైనే. కొందరు కత్తిరింపులోనే ఆ మేరకు వదిలేస్తుంటారు. నాకు మాత్రం తడపడమే మేలనిపిస్తుంది. పొడవునా అడ్డంగా బట్ట ఒకేలా కుదించుకోదు, పైగా తాను తానుకీ తేడా ఉంటుంది.

ఈ లెక్క అందుకోలేనివీ కొన్ని ఉన్నాయి. గడువు ఏడు రోజులే అయితే, నాలుగో ఉతుకులో వెలిసిపోయే రంగు రిటర్న్‌ల షీటులో ఎప్పటికీ కనబడదు. ఆ మాట నెలా రెండు నెలలకు రివ్యూల్లో కనిపిస్తుంది, లేదా ఆ కొన్నావిడ మళ్లీ కొనకపోవడంలో. బాగోకపోయినా తిప్పి పంపే ఓపిక లేక ఉంచేసుకునేవాళ్లు కూడా ఉంటారు. తక్కువ ధర సరుకులో ఇది ఎక్కువ. రిటర్న్‌లు తక్కువ ఉన్నంత మాత్రాన బట్ట నచ్చిందనుకోవడానికి లేదు. అలాగే చివరి రోజున వచ్చేవన్నీ లోపాలే కానక్కర్లేదు. గడువు ముగుస్తోందని గుర్తొచ్చి ఏడో రోజున పంపేసేవాళ్లు ఎప్పుడూ కొందరుంటారు. ఏడో రోజు ఒక్కటే ఎత్తుగా కనిపించి, ఐదారు రోజులు మామూలుగా ఉంటే అది గడువు వల్ల వచ్చిన గుంపు. నాలుగు నుంచి ఏడు దాకా అంతా నిండుగా ఉంటేనే ఉతుకును అనుమానించాలి.

మూడో తాను నీలి బట్టను నానబెట్టి, ఆరేసి కత్తిరించారు. ఆ కుర్తీలు ఇప్పటికి 36 డెలివరీ అయ్యాయి. వాటిలో ఏడు రోజుల గడువు ముగిసినవి 30. ఆ 30లో మూడు తిరిగొచ్చాయి. నాలుగో రోజు తర్వాత ఒక్కటీ రాలేదు. 30 పెద్ద అంకె కాదు కాబట్టి, ఇంకో నెల డెలివరీలు గడువు దాటేదాకా ఈ వరసను షీటులో తెరిచే ఉంచాలి. ఆ వచ్చిన మూడింటిలో ఒకటి సైజు. రెండు మాత్రం మొదటి రోజే, ‘ఫొటోలో ఉన్నట్టు లేదు’ అన్న కారణంతోనే వచ్చాయి. మొదటి రెండు తానుల్లోనూ అలాంటివి నాలుగున్నాయి, అవీ మొదట్లోనే వచ్చినవి. ట్యూబ్‌లైటు కింద తీసిన ఆ ఫొటోలో నీలం అసలు కంటే లేతగా పడింది. ఇక మార్చాల్సింది అదే, పగటి వెలుతురులో మళ్లీ తీయాలి. ఫొటో మార్చిన తేదీని కూడా షీటులో రాసి పెట్టుకోవాలి, ఆ రోజు తర్వాత ఆర్డరు పెట్టినవాళ్లు చూసింది కొత్త ఫొటో కాబట్టి.